ఒక గీత, రెండు గీతలు

కంప్యూటరు యంత్రం చెప్పింది తేడా సున్నా కాదని, అంతే. తప్పు అన్న మాట యంత్రానిది కాదు, తనది. ఇంకేదైనా రాసి ఉండవచ్చు. ‘మళ్లీ చూడాలి’ అని రాయవచ్చు, ‘తేడా’ అని రాయవచ్చు, పేరు పక్కన ఒక చుక్క పెట్టించి ఊరుకోవచ్చు. ఏరి కోరి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ‘రాంగ్’ అని రాశాడు. కార్డులకు రంధ్రాలు పొడిచే మిషను ముందు కూర్చుని ఆ అక్షరాలు ఒక్కొక్కటి నొక్కుతున్నప్పుడు వేళ్లకు ఎంత హాయిగా ఉండిందో మొగిలికి ఇప్పటికీ గుర్తుంది. ఆ హాయి ఎందుకు? ఎవరిని తలచుకుని?

రైలు జమ్మికుంట దాటింది. కిటికీ ఊచలకు ఆనించిన నుదురు అదురుతోంది. ఎదుటి బల్ల మీద కూర్చున్న ముసలమ్మ ఒడిలో జామపండ్ల గంప పెట్టుకుని అతన్నే చూస్తోంది. ఆమెకు ఏమీ తెలియదు. అయినా మొగిలి ముఖం తిప్పుకున్నాడు. పొద్దుటి నుంచీ ఎవరు చూసినా ఇలాగే ఉంది, చొక్కా మీద ఎక్కడో మరక ఉన్నట్టు.

మరక. అవును, అక్కడే మొదలైంది.

మొగిలి గోదావరిఖనిలో బొగ్గు బాయి ప్లానింగు ఆఫీసులో లెక్కల ఆఫీసరు. అక్కడ గనిని గని అని ఎవరూ అనరు, బాయి అంటారు. కార్మికుల క్వార్టర్లలోనే పుట్టి పెరిగి, హైదరాబాదులో ఎమ్మెస్సీ చదివి, కంప్యూటరు పాఠాలు నేర్చుకుని తిరిగి వచ్చాడు. కొలతలన్నీ కంప్యూటరుతో పరీక్షించే కొత్త పద్ధతిని ప్రారంభించిన రోజున పై ఆఫీసర్లంతా బాయి మీదికి వచ్చారు. తెల్లచొక్కా వేసుకుని, ఇంగ్లీషులో వాళ్లకు విడమర్చి చెబుతుండగా షిఫ్టు దిగి వచ్చిన సదయ్య గుంపులోంచి ముందుకొచ్చాడు. పక్క క్వార్టరు మనిషి. చిన్నప్పుడు మొగిలిని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపినవాడు.

“ఓరి మొగిలిగా! నువ్వేనార గింత ముచ్చట చెప్పేది?” అని నవ్వుతూ భుజం మీద చెయ్యి వేశాడు.

బొగ్గు చెయ్యి. తెల్లచొక్కా మీద ఐదు వేళ్లూ అచ్చుపడ్డాయి. ఆఫీసర్లు నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. మొగిలి కూడా నవ్వాడు. ఆ రాత్రి చొక్కాను తనే ఉతుక్కున్నాడు, తల్లి సారక్క ఉతుకుతానన్నా ఇవ్వలేదు. మరక పోయింది. లోపల ఒకటి మిగిలింది. అది ఉన్నట్టు అప్పుడు తనకే తెలియదు.

సదయ్య చేసేది పైకప్పు కొలిచే పని. బొగ్గు తవ్వేటప్పుడు పైకప్పు కూలకుండా అక్కడక్కడా స్తంభాల్లాగా కొంత బొగ్గు వదిలేస్తారు. చివరికి ఆ స్తంభాలను కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు. అలాంటి చోట పైబండ కొద్దికొద్దిగా దిగుతూ ఉంటుంది. ఎంత దిగుతోందో తెలిస్తేనే మనుషులను ఎప్పుడు బయటికి పంపాలో తెలుస్తుంది. పైన ఒక మేకు, కింద ఒక మేకు. రెంటి మధ్యా సాగే ఇనుపరాడ్డు పెట్టి గీతలు లెక్కపెట్టాలి. గీత అంటే మిల్లీమీటరు. బొగ్గు పేల్చే బ్లాస్టింగుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి. షిఫ్టు చివర, ఆ షిఫ్టు మొదట్లో పెట్టుకున్న గుర్తు నుంచి మొత్తం ఎంత దిగిందో విడిగా మళ్లీ ఒకసారి. ఆ మూడు కొలతలూ అక్కడ పైకప్పుకు ఆనుగా నిలిపిన కర్రదుంగ మీద సుద్దముక్కతో రాసి పెట్టాలి. బొగ్గు మోసే టబ్బు తగిలి కాలు విరిగిన తర్వాత సదయ్యకు ఇచ్చిన పని అది. వేరే గ్యాలరీలో, అంటే బాయి లోపలి మరో సొరంగంలో, అదే పని పోశం అనే ఇంకో కార్మికుడు చేస్తాడు.

మొదటి కొలతా రెండో కొలతా కలిపితే మూడోది రావాలి. రాకపోతే కొలిచినవాడు సరిగ్గా కొలవలేదు. ఈ పరీక్ష పెట్టింది మొగిలే. మంచి పరీక్షే. సుద్దతో రాసిన ‘ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు’ ఆఫీసు కాగితం మీద మోటుగా కనిపించాయి అతనికి. సెంటీమీటర్లలోకి మార్చాడు. పాయింట్ ఒకటి, పాయింట్ రెండు, పాయింట్ మూడు. కార్డుల మీద అట్లాగే పొడిచాడు. మొదటి రెండూ కలిపి మూడోదాన్ని తీసేయి, మిగిలింది సున్నా అయితే సరే, సున్నాకు తక్కువైనా ఎక్కువైనా ‘రాంగ్’ అని యంత్రానికి చెప్పాడు. కొలతలు మళ్లీ అచ్చు వేయించడం కాగితం దండగ అనుకున్నాడు. పేరు, తప్పుల సంఖ్య చాలు.

నెల తిరిగేసరికి హైదరాబాదు నుంచి కాగితం వచ్చింది. పోశం పేరుకు ఎదురుగా తప్పులేమీ లేవు. సదయ్య పేరుకు ఎదురుగా, దాదాపు దిగిన ప్రతి షిఫ్టూ తప్పే.

అప్పుడు తనకేమనిపించింది? రైలు పెద్దపల్లిలో ఆగింది. ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకుని దిగిపోయింది. బల్ల ఖాళీ అయింది. ఇక ఎవరి నుంచీ ముఖం తిప్పుకోవలసిన పని లేదు. నిజం చెప్పుకోవచ్చు. సంతోషం వేసింది. ఆశ్చర్యానికి ముందు, అనుమానానికి ముందు, ఒక సన్నని తియ్యని సంతోషం. భుజం మీది చెయ్యిని ఎవరో తీసేసినట్టు.

ఆ సంతోషానికి ఒక శాస్త్రం కూడా తొడిగాడు. కొలవకుండా ఊహించి రాసేవాడి అంకెలు ఒకదానితో ఒకటి పొసగవని, మనస్సు మూడు అబద్ధాలను ఒక్క తాడున కట్టలేదని మేనేజరుకు రాసిచ్చాడు. ఎంత బాగా రాశాడు! దేశమంతటా క్రమశిక్షణ మాట మోగుతున్న రోజులు. మేనేజరు ఆ కాగితాన్ని హాజరీ కిటికీ పక్కన బోర్డుకు గుచ్చాడు. సదయ్య చేతిలోంచి రాడ్డు తీసుకుని ఆ గ్యాలరీని కూడా పోశానికే అప్పగించాడు. కుంటికాలి మనిషిని పైన టబ్బుల దగ్గర రాలిన బొగ్గు ఎత్తే పనిలో పెట్టాడు.

“నేను సక్కగనే కొలిచిన గద సారూ,” అన్నాడు సదయ్య ఆ రోజు. మేనేజరుతో అన్నా, చూపు మొగిలి వైపే ఉంది. మొగిలి కిటికీలోంచి లారీలను చూస్తూ నిలబడ్డాడు.

నిన్న రెండో నెల కార్డులు పట్టుకుని హైదరాబాదులో కంప్యూటరు ఉన్న ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ యంత్రం నడిపే అన్వర్ గోదావరిఖనివాడే, బడిలో ఒకే బెంచీ. మొగిలి కార్డులు చూపిస్తుంటే కట్టలోంచి, రాడ్డు పోకముందు సదయ్య కొలిచిన రోజులది ఒకటి లాగి చదివి, తలెత్తాడు.

“క్యా మియా, ఇదేంది? పాయింట్ ఒకటి, పాయింట్ రెండు, పాయింట్ మూడు. ఇది తప్పెట్లయితది?”

“తప్పని ఎవరన్నరు?”

“నీ కాగితమే అన్నది. పోయిన నెల కార్డులు గీ బీరువలనే ఉన్నయ్, చూద్దువు రా. సదయ్య కాక కార్డులు శానా మట్టుకు ఇవే అంకెలు.”

చూశారు. సదయ్య గ్యాలరీలో బ్లాస్టింగుకు ముందు బండ ఒక గీత దిగుతుంది, తర్వాత రెండు గీతలు. దాదాపు ప్రతి కార్డు మీదా అదే. ఒకటీ రెండూ మూడు. ఒకటో తరగతి పిల్లవాడు దిద్దగల లెక్క. మొగిలి ఆ కార్డులను మళ్లీ తిరగేశాడు.

“మిషిన్ పాడైనట్టుంది,” అన్నాడు.

“మిషిన్‌కు ఏం రోగం లేదు. రోగం నువ్వడిగిన సవాల్ల ఉన్నది.” అన్వర్ ఒక చిన్న ప్రోగ్రాం రాసి నడిపించాడు. పాయింట్ ఒకటికి పాయింట్ రెండు కలిపి, పాయింట్ మూడు తీసేసి, మిగిలినదాన్ని చివరిదాకా అచ్చు వేయమన్నాడు. కాగితం మీద ముందు ఒక మైనస్ గుర్తు, బిందువు తర్వాత వరుసగా పదకొండు సున్నాలు, అటు తర్వాత ఒక ముప్పయ్యారు వచ్చి పడ్డాయి.

“దేఖో. సున్నాకు గింత తక్కువ. నువ్వు సున్నా అయితేనే సరే అంటివి. అది నిన్ను నమ్మింది పాపం.”

“ఎక్కడి నుంచి వచ్చింది ఇది?”

“నీకు తెల్వదా? గన్ని రోజులు పాఠాలు చదివినవు గద.”

తెలుసు. యంత్రం అంకెలను పదుల్లో కాక రెంట్లలో దాచుకుంటుందని పరీక్షలో రాశాడు, మార్కులు కూడా వచ్చాయి. దాన్ని సదయ్యకు జోడించి చూడలేదంతే. తెలిసిందీ చేసిందీ ఒకే బుర్రలో రెండు వేరు వేరు గదుల్లో ఉన్నాయి. మధ్య తలుపు తెరవడానికి అతనికి తీరిక లేదు. అతను తలుపు మూసింది తీరిక లేక కాదేమో కూడా.

“మా అబ్బ దుకాణం యాదికున్నదా,” అన్వర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “సేరు రాయి, అర్ధసేరు, పావుసేరు, అర్ధపావు, ఛటాకు. ఒకదాంట్ల సగం ఇంకోటి. సేరుల పదో వంతు తూచుమంటె ఎట్ల తూస్తవు? ఛటాకు అంటె పదహారో వంతు, తక్కువైతది. అరఛటాకు కలుపు, ఇంకా తక్కువే. పావుఛటాకు ఏస్తె ఎక్కువైతది, తీసెయ్. దాంట్ల సగం ఏసినా ఎక్కువే, తీసెయ్. ఇంకా సగం ఏస్తె మళ్ల తక్కువ. ఇట్ల సగాలు చేసుకుంట ఖయామత్ దాకా కూసున్నా పదో వంతుకు ముల్లు సక్కగ నిలబడదు. మూడో వంతును పదులల్ల రాస్తె మూళ్లు ఒడవవు జూడు, గట్లనే.”

“మిషిన్ దగ్గర రాళ్లు కొన్నే ఉంటయి.”

“ఆఁ, ఇప్పుడొచ్చినవు దారికి. కొన్నిట్లనే ఆపుతది, తోక కోసి పడేస్తది. పాయింట్ ఒకటి జరంత తక్కువైతది, పాయింట్ రెండు జరంత తక్కువైతది. రెండు కలిపినంక స్థలం సరిపోదు, మళ్లొక కోత. పాయింట్ మూడు మాత్రం సీదా వచ్చి ఒక్క కోతతోనే కూసుంటది. రెండు తొవ్వల వచ్చిన మూడులు ఒక్క తీరుగ ఎందుకుంటయి? నాలుగు అంకెలు అచ్చేస్తె రెండూ పాయింట్ మూడు లెక్కనే కనిపిస్తయి. లోపల్నే తేడా.”

మొగిలికి ఇంకొకటి తట్టింది.

“మరి పోశానికి ఒక్క తప్పు కూడా రాలేదెందుకు?”

పోశం కార్డులు తీశారు. పాయింట్ ఒకటి, పాయింట్ ఒకటి, పాయింట్ రెండు. పాయింట్ రెండు, పాయింట్ రెండు, పాయింట్ నాలుగు. నెలంతా, బ్లాస్టింగుకు ముందూ తర్వాతా ఒకే అంకె. అన్వర్ ఈల వేశాడు.

“దాన్ని దానికే కలిపితె ఎప్పుడు తప్పు రాదు భాయ్. ఛటాకు ఉన్నకాడ అర్ధపావు పెడితివి, అర్ధపావు ఉన్నకాడ పావుసేరు పెడితివి. రాళ్లన్నీ ఒక్కొక్క మెట్టు ఎక్కుతయి అంతే. లోటు గూడ సరీగ రెండింతలయితది. కొత్త కోత లేదు.”

“బ్లాస్టింగు తర్వాత బండ అంతే దిగుతుందా?”

“అది నాకేం తెలుసు? బాయి నీది.”

దిగదు. బాయిలో పుట్టి పెరిగిన ఎవడికైనా తెలుసు. ఒక్కసారి కొలిచి రెండుసార్లు రాసినవాడి అంకెలు అవి. నిజంగా కొలిచినవాడిని అతని పరీక్ష దొంగ అన్నది. కొలవనివాడికి శభాష్ చెప్పింది.

“ఫికర్ చెయ్యకు,” అన్నాడు అన్వర్. “తేడా సున్నానా అని అడుగకు. సగం గీత కన్న తక్కువనా అని అడుగు. నిజంగ తప్పు కొలిస్తె ఒక గీతన్న తేడా ఉండాలె గద. లేకుంటె గీతలను గీతలుగనే ఉంచు. ఒకటి, రెండు, మూడు. పూర్ణ సంఖ్యలకు తోక ఉండదు, కోత ఉండదు. ఎవరు చెప్పిన్రు నీకు పాయింట్లు పెట్టుమని?”

ఎవరూ చెప్పలేదు. ఆఫీసుతనం కోసం పెట్టుకున్నాడు.

ప్రశ్న మార్చి రెండు నెలల కార్డులూ మళ్లీ నడిపించారు. సదయ్య పేరు ఎదుట నిజమైన తేడా ఒక్క షిఫ్టుకు మిగిలింది. రెండు గీతల మధ్య కన్ను ఎటో ఒక పక్కకు మొగ్గినప్పుడు ఎవరికైనా వచ్చే తేడా అది. ఆ కాగితమే ఇప్పుడు సంచిలో ఉంది. బోర్డు మీద ఉన్న కాగితం కన్నా బరువుగా ఉంది.

రామగుండంలో రైలు దిగి, బస్సు పట్టుకుని, మొదటి షిఫ్టు ఇంకా ఎక్కిరాకముందే బాయి మీదికి చేరాడు. సరాసరి మేనేజరు గదిలోకి వెళ్లాడు. దారంతా తయారు చేసుకున్న మాటల్లో సగం గొంతులోనే ఉండిపోయాయి. మిగిలిన సగం విని మేనేజరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. అలిసిపోయినవాడు.

“అంటే కూడడం రాని యంత్రాన్ని మనకు అంటగట్టావా?”

“కూడడం వచ్చు సార్. నేను అడిగిన తీరు...”

“చూడు మొగిలీ. ఈ పద్ధతి మీద పై ఆఫీసులో నీకు మంచి పేరుంది. ఇప్పుడు ఒకటీ రెండూ కలపడం దగ్గర బోల్తా పడ్డామంటే రేపటి నుంచి ఒక్క కార్మికుడు కూడా ఏ కొలతనూ లెక్కచెయ్యడు. సద్దు చెయ్యకు. నెలాఖరులో ఎవరినో మార్చే నెపంతో సదయ్యను మళ్లీ లోపలికి పంపుదాం. ఆ కాగితం నీ దగ్గరే ఉంచుకో.”

ఇక్కడ చెప్పాలి. పోశం సంగతి చెప్పాలి. నెలాఖరు దాకా ఆ బండ ఆగుతుందా అని అడగాలి. మొగిలి నోరు తెరిచాడు. లోపలి నుంచి వచ్చింది మాత్రం, “సరే సార్.”

వరండాలోకి వచ్చాక తనే విన్న ఆ రెండు మాటలూ చెవిలో మోగాయి. ఇంత తొందరగానా? మనిషి తనను తాను ఎంత తరచి చూసుకుంటే ఏం లాభం, కీలకమైన చోట నోరు దానంతటది సరే అంటుంటే? మేనేజరు తనకొక తలుపు మూసి పెట్టాడు. దాని వెనక తను ఎంత సుఖంగా దాక్కోగలడో తనకు తెలుసు.

షిఫ్టు మారే వేళ. హాజరీ కిటికీ ముందు రెండో షిఫ్టువాళ్లు గుమిగూడారు. టోపీ దీపాలు నడుముకు తగిలించుకుంటూ, బీడీలు ఆఖరి దమ్ము లాగుతూ, ఒకరినొకరు తోసుకుంటున్నారు. పోశం రాడ్డు భుజాన వేసుకుని నడుమ నిలబడి నవ్విస్తున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, మాటకారి.

“ఇగో మన లెక్కల సారు!” అని కేక వేశాడు. “సారూ, మీ మిషిన్‌కు నేనంటె మస్తు ప్రేమ గద. మా ఇంటిదానికి చెప్పిన. గా మిషిన్ లెక్క నువ్వు గూడ నన్ను ఒక్కసారన్న మెచ్చుకో అని.”

“ఆమె కూడ సున్నా అన్నదట,” అన్నాడొకడు. అందరూ నవ్వారు.

“రెండు గ్యాలరీలు ఒక్కనివే ఎట్ల కొలుస్తున్నవు పోశం?” మొగిలి గొంతు తనకే కొత్తగా వినిపించింది.

పోశం దగ్గరికి జరిగి, అయినవాడితో చెప్పినట్టు చెప్పాడు. “బ్లాస్టింగు అయినంక గా పొగల ఎవడు వోతడు సారూ? ముందు ఎంత దిగిందో గంతే ఏస్త, మొత్తానికి డబుల్ ఏస్త. మీ మిషినే సై అన్నది గద. ఇంగ ఫికరేంది?”

అందులో దాపరికం లేదు, భయం లేదు. మొగిలి ఇచ్చిన శభాషే అతనికి ధైర్యం. ఆ పొగ కింద, రెండు గీతలు దిగినా ఒకటే అని రాసివున్న దుంగల నడుమ, ఇప్పుడు నవ్వుతున్న వీళ్లంతా కూర్చుని సద్ది విప్పుకుంటారు.

అప్పుడు సదయ్య కనిపించాడు. బోర్డు కింద గోడకు ఆనుకుని ఉన్నాడు, కుంటికాలు ముందుకు చాపి. ఉతికిన అంగీ వేసుకున్నాడు. పక్కన అతని భార్య లింగవ్వ, కొంగు తలమీదికి లాక్కుని. పని మీద వచ్చినట్టు లేదు. మొగిలిని చూడగానే సదయ్య గోడ పట్టుకుని లేచాడు.

“నమస్తే సారూ.”

సారూ. కాగితం బోర్డుకెక్కిన రోజు నుంచీ ఇదే పిలుపు. కోపం లేదు అందులో, ఎత్తిపొడుపు లేదు. ఒక మనిషిని చిన్నప్పటి నుంచీ పిలిచిన పేరును జాగ్రత్తగా మడిచి పక్కన పెట్టేసినట్టు ఉంది.

“ఇక్కడున్నవేంది?” అన్నాడు మొగిలి.

“దవాఖానకు పోతున్న. కండ్ల డాక్టరు వచ్చిండట.” సదయ్య సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. “ముందుగాల నాకు కోపమొచ్చింది. అబద్ధం జెప్పను. ఇంటికి వోయి శానా ఆలోచన చేసిన. మిషిన్‌కు నా మీద పగేంది? దానికి సదయ్య ఎవడో పోశం ఎవడో ఎరుక లేదు గద. గందుకని నా కండ్లే పోయినయి. మూడు గీతలు అనుకున్నది మూడు గాదేమో. కండ్లు పనికిరావని డాక్టరుతోని రాయించుకుని నౌకరి ఇడిసిపెడుత.”

“రోజూ గిదే లొల్లి,” లింగవ్వ కలుగజేసుకుంది. “బియ్యంల రాళ్లు నాకన్న ముందు ఏరుతడు. సూదిల దారం ఎక్కిస్తడు. మల్ల నన్నే అడుగుతడు, ఇది దారమేనా లింగీ అని. నువ్వన్న చెప్పు బిడ్డా. నీ మాటంటె ఇంటడు.”

“నువ్వుండు. ఆయనెట్ల చెప్తడు? మిషిన్ చెప్పినంక.” సదయ్య మొగిలి వైపు తిరిగాడు. కళ్లు చిట్లించి చూశాడు, నిజంగానే చూపు ఆననివాడిలా. “కానీ సారూ, గా బండ కింద తప్పు కొలిస్తె పోరగాండ్ల పాణాలు పోవా? గదొక్కటే నాకు నిద్ర పట్టనిస్తలేదు. మిషిన్ ముందుగాల్నే పట్టింది, మంచిగైంది.”

మంచిగైంది!

మొగిలి పోగొట్టింది అతని ఉద్యోగమో, పరువో మాత్రమే అయితే బాగుండేది, అవి తిరిగి ఇవ్వవచ్చు. తను ఒక మనిషికీ అతని కళ్లకూ మధ్య దూరాడు. ఆ మనిషి దానికి కృతజ్ఞత కూడా చెబుతున్నాడు. నెలాఖరు దాకా ఆగితే డాక్టరు కాగితం వస్తుంది. ఆ తర్వాత ఏ నెపంతో ఎవరిని ఎక్కడికి మారుస్తారు?

లోపల తను వరుసగా పేర్చుకున్న వివరణలన్నీ, రెంట్లు, ఛటాకులు, కోసిన తోకలు, పదకొండు సున్నాలు, ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. అవన్నీ నిజమే. కానీ వాటితో మొదలుపెడితే మళ్లీ యంత్రం వెనక నిలబడ్డట్టే. వెనక కిటికీలో మేనేజరు కుర్చీ కిర్రుమంది. వింటున్నాడో లేదో. రెండో షిఫ్టు సైరను మోగింది. జనం లోపలికి కదలబోయారు.

“కాకా,” అన్నాడు మొగిలి.

ఆఫీసరయ్యాక ఆ పిలుపు బాయి మీద అతని నోట రాలేదు. గట్టిగానే వచ్చింది. ముందు వరుసలో ఇద్దరు ఆగి వెనక్కి చూశారు.

“కాకా, నీ కండ్లకు ఏం కాలేదు. నువ్వు మూడన్నది మూడే. ఒకటీ రెండూ మూడే. నేను అడగరాని తీరుగ అడిగిన మిషిన్‌ను. రాంగ్ అన్న మాట అది చెప్పలేదు, నేను రాసిపెట్టిన. తప్పు నాది.”

పోశం నవ్వు సగంలో ఆగింది. లింగవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సదయ్య అర్థమైనట్టూ కానట్టూ చూస్తూ ఉండిపోయాడు. పెదవులు కదిలాయి. ఒకటికి రెండు కలిపి లోలోపల మళ్లీ కూడుకుంటున్నట్టు.

చెప్పనిది ఇంకొకటి ఉంది. కాగితం వచ్చిన రోజున సంతోషపడ్డానని. అది ఇంత మంది ముందు కాదు, ఏ ఒక్కరి ముందూ చెప్పగలిగేది కాదు. ఎన్ని సగాలు చేసినా చివర్న కొంత మిగిలే ఉంటుంది, దాన్ని తనతోనే ఇంటికి తీసుకుపోవాలి. మొగిలికి ముఖం మండుతోంది. తల దించుకోవాలనిపించింది, దించుకోలేదు.

అతను గుంపులోకి నడిచి పోశం భుజం మీది రాడ్డును తీసుకున్నాడు. ఇనుము ఎండకు కాలుతోంది, పట్టుకునే చోట బొగ్గు జిడ్డు. దాన్ని తెల్లచొక్కాకు ఆనించుకునే వెనక్కి వచ్చి, రెండు చేతులతో సదయ్య ముందు పట్టుకున్నాడు.